కటింగ్ చేసిన ఫోటో చుట్టూ తెల్ల గీత: సెలెక్షన్‌ను ఎన్ని పిక్సెళ్లు లోపలికి జరపాలి?

ముదురు ఎరుపు ఫ్లెక్స్ మీద నీలం చొక్కా వేసుకున్న మనిషి ఫోటో ఉందనుకుందాం. దగ్గరికి వెళ్లి చూస్తే భుజాల వెంట, చెవుల చుట్టూ సన్నటి తెల్ల గీత కనిపిస్తుంది. ఫోటో తీసింది తెల్ల గోడ ముందు. డిజైనర్ గోడను తీసేశాడు, కానీ గోడ రంగు అంచులో మిగిలిపోయింది. దీనికి మందు ఫ్లెక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో చాలామందికి తెలుసు. మనిషిని సెలెక్ట్ చేశాక ఆ సెలెక్షన్‌ను కొన్ని పిక్సెళ్లు లోపలికి కుదించి, అప్పుడు బ్యాక్‌గ్రౌండ్ తీసేయడమే. ఫోటోషాప్‌లో ఇది `Select > Modify > Contract`, జింప్‌లో `Select > Shrink`.

చిక్కంతా అక్కడ టైప్ చేసే అంకెతో వస్తుంది. అలవాటుగా ప్రతి ఫోటోకూ 1 లేదా 2 కొట్టేస్తుంటారు. ఒక ఫోటోలో తెల్ల గీత పోతుంది, ఇంకో ఫోటోలో పోదు, మరో ఫోటోలో గీతతో పాటు కళ్లజోడు కాడ కూడా పోతుంది. ఆ అంకెను అలవాటును బట్టి కాకుండా ఫోటోను చూసి తేల్చుకోవాలి. అది ఎలాగో తెలియాలంటే ఆ తెల్ల గీత అసలు దేనితో తయారైందో ముందు చూడాలి.

చాలామంది అనుకునేట్టు అది తుడవకుండా వదిలేసిన గోడ ముక్క కాదు. మనిషి అంచు పిక్సెల్ గళ్ల ప్రకారం నడవదు. భుజం గీత ఒక పిక్సెల్ మధ్యలోంచి పోతే, ఆ పిక్సెల్‌లో సగం చొక్కా, సగం గోడ పడతాయి. కెమెరా ఆ రెంటినీ కలిపి ఒకే రంగుగా రాసుకుంటుంది. లెన్స్ ఫోకస్ కొంచెం అటూ ఇటూ అయితే ఈ కలగలుపు ఒక్క పిక్సెల్‌తో ఆగదు, మూడు నాలుగు పిక్సెళ్ల వెడల్పుకు పాకుతుంది. అంటే చొక్కాకూ గోడకూ మధ్య ఉండేది గీత కాదు, రెండు రంగులూ కలిసిన ఒక సన్నటి పట్టీ. ఆ పట్టీలోని ఏ పిక్సెల్‌నూ ఇది చొక్కా అనీ చెప్పలేం, ఇది గోడ అనీ చెప్పలేం.

ఒక వరుస తీసుకుని చూస్తే విషయం తేటపడుతుంది. గోడ వెలుగు 240, చొక్కా వెలుగు 30 అనుకుందాం (0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు). గోడ వైపు నుంచి చొక్కా వైపు నడిస్తే పిక్సెళ్లు ఇలా ఉంటాయి:

```
240  238  205  150  85  42  30  30
```

మొదటి రెండూ గోడే. చివరి రెండూ చొక్కానే. మధ్యలో ఉన్న 205, 150, 85, 42 కలగలుపు పట్టీ. గోడకూ చొక్కాకూ మధ్య తేడా 210 కాబట్టి ఒక్కోదానిలో గోడ వాటా ఎంతో లెక్క కట్టొచ్చు. 205లో దాదాపు 83 శాతం, 150లో 57 శాతం, 85లో 26 శాతం, 42లో సుమారు 6 శాతం గోడే ఉంది.

ఇప్పుడు గోడను మంత్రదండంతో సెలెక్ట్ చేద్దాం. జింప్‌లో దాని పేరు `Fuzzy Select`, ఫోటోషాప్‌లో `Magic Wand`. క్లిక్ చేసిన రంగుకు ఎంత తేడా వరకు గోడగా లెక్కపెట్టాలో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. మనం మార్చకపోతే జింప్‌లో అది 15, ఫోటోషాప్‌లో 32. గోడ మీద 240 దగ్గర క్లిక్ చేస్తే, 15 తేడాతో 225 దాకా ఉన్నవే గోడ కిందికి వస్తాయి. 205 రాదు. 32 పెట్టినా 208 దగ్గరే ఆగుతుంది, అప్పుడూ 205 రాదు. ఆ తర్వాత సెలెక్షన్‌ను తిరగేసి మనిషిని పట్టుకుంటే, ఆ నాలుగు కలగలుపు పిక్సెళ్లూ మనిషి ఖాతాలోనే పడతాయి. 83 శాతం గోడ అయిన పిక్సెల్ కూడా చొక్కాలో భాగం అయిపోతుంది. మంత్రదండంతో కట్ చేసిన ప్రతి ఫోటోకూ తెల్ల గీత రావడానికి కారణం ఇదే. డిజైనర్ చెయ్యి వణకడం వల్ల వచ్చేది కాదు అది. ఆ పనిముట్టు ఎప్పుడూ గోడ వైపే ముందుగా ఆగిపోతుంది.

ఇక కుదింపు ఎంత ఉండాలో ఈ వరుసే చెబుతుంది. 1 పెడితే 205 పోతుంది, 150 మిగులుతుంది. సగానికి పైగా గోడ ఉన్న పిక్సెల్ అది, ఎరుపు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2 పెడితే బయటి అంచులో 85 ఉంటుంది. మొబైల్ తెర మీద చూసే పోస్టర్‌కు ఇది చాలు. 3 పెడితే 42 ఒక్కటే మిగులుతుంది, అందులో గోడ ఉన్నట్టు కంటికి తెలియదు. కాబట్టి ఈ ఫోటోకు సరైన అంకె 3. ఇంకో ఫోటోలో పట్టీ రెండే పిక్సెళ్లు ఉంటే 1 లేదా 2 సరిపోతుంది. చేయాల్సిన పని ఒక్కటే: 800 శాతం జూమ్ చేసి, భుజం దగ్గర, చెంప దగ్గర, చేతి దగ్గర కలగలుపు పిక్సెళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం. అర నిమిషం పని.

అంచును మెత్తగా కత్తిరిస్తే ఈ గొడవ తీరుతుందని కొందరు అనుకుంటారు. అంటే సగం గోడ ఉన్న పిక్సెల్‌ను సగం పారదర్శకంగా ఉంచితే చాలు కదా అని. అది పూర్తిగా తీర్చదు. పిక్సెల్ సగం పారదర్శకం అయినా దాని లోపలి రంగు మారలేదు, అది ఇంకా గోడ కలిసిన రంగే. సగం చొక్కా, సగం గోడ కలిసిన 135 వెలుగు పిక్సెల్‌ను తీసుకుని, ముదురు బ్యాక్‌గ్రౌండ్ వెలుగు 20 అనుకుందాం. అక్కడ నిజంగా రావాల్సింది 30కీ 20కీ మధ్య, అంటే 25. వచ్చేది 135కూ 20కీ మధ్య, అంటే 77కు పైనే. గీత పలచబడుతుంది కానీ పోదు. పారదర్శకత సరిచేయడం ఒక పని, రంగు సరిచేయడం వేరే పని. కుదింపు రంగు జోలికి పోదు, కలుషితమైన పిక్సెళ్లను ఏకంగా తీసి పారేస్తుంది. దాని బలం అదే, దాని హద్దు కూడా అదే.

జింప్‌లో ఈ పని చేసే వరుస ఇలా ఉంటుంది. ముందు `Layer > Transparency > Add Alpha Channel` ఇవ్వాలి, లేకపోతే తీసేసిన చోట పారదర్శకత రాదు, రంగు పడుతుంది. తర్వాత మంత్రదండంతో గోడను పట్టుకుని, `Select > Invert` తో మనిషిని సెలెక్ట్ చేయాలి. అప్పుడు `Select > Shrink` లో 3. ఇక్కడ చాలామంది సెలెక్షన్‌ను మళ్లీ తిరగేసి డిలీట్ కొడతారు. అంతకంటే `Layer > Mask > Add Layer Mask` లోకి వెళ్లి `Selection` ఎంచుకోవడం ఎంతో మేలు. మాస్క్ వేస్తే ఒక్క పిక్సెల్ కూడా చెరిగిపోదు, దాక్కుంటుంది అంతే. రేపు కస్టమర్ వచ్చి "చెవి కొంచెం తెగిందండీ" అంటే, మాస్క్ మీద ఆ చోట తెల్ల బ్రష్ తిప్పితే చెవి తిరిగొస్తుంది. డిలీట్ చేసి సేవ్ చేసుకుంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

కుదింపు లోపల ఏం చేస్తుందో తెలిస్తే అది ఎక్కడ దెబ్బతీస్తుందో కూడా అర్థమవుతుంది. గణితంలో దీన్ని ఎరోజన్ అంటారు. పారిస్‌లో జార్జ్ మాథెరాన్, జాన్ సెరా 1964లో మొదలుపెట్టిన గణిత రూపశాస్త్రంలో ఇది మొట్టమొదటి పాఠం లాంటిది. సూత్రం చాలా సరళం: ఒక పిక్సెల్ నిలబడాలంటే దాని చుట్టూ మనం చెప్పిన దూరంలో ఉన్న పిక్సెళ్లన్నీ సెలెక్షన్ లోపలే ఉండాలి. ఒక్కటి బయట ఉన్నా అది పోతుంది. దీనివల్ల ఏ వస్తువైనా రెండు వైపులా సన్నబడుతుంది. 3 పిక్సెళ్ల కుదింపు అంటే మందంలో 6 పిక్సెళ్లు పోయినట్టు. భుజం 400 పిక్సెళ్ల వెడల్పు ఉంటే ఆ 6 ఎవరికీ తెలియవు. కానీ ముఖం పక్కకు పొడుచుకొచ్చిన కళ్లజోడు కాడ 5 పిక్సెళ్ల మందమే ఉంటే అది మొత్తం మాయమవుతుంది. జుంకా వేలాడే సన్నటి కొక్కెం, చేతిలో పట్టుకున్న అగరుబత్తి, చొక్కా మీది నుంచి బయటికి తేలిన మైకు వైరు, ఇవన్నీ ఇలాగే పోతాయి. పోయాక `Grow` తో మళ్లీ పెంచినా తిరిగిరావు. ఉన్నదాన్ని మాత్రమే అది పెంచగలదు, పూర్తిగా పోయినదాన్ని ఎక్కడి నుంచి పెంచుతుంది? వాటిని మాస్క్ మీద చేత్తో గీసుకోవడం తప్ప దారి లేదు.

ఇదే సూత్రం తిరగేస్తే ఇంకో చెడుపు చేస్తుంది. మంత్రదండం గోడను పట్టుకునేటప్పుడు చొక్కా మీది తెల్ల గుండీనో, కంటి తెల్లగుడ్డులోని మెరుపునో కూడా గోడ అనుకుని పట్టేయొచ్చు. ఆనుకుని ఉన్నవాటినే పట్టుకునే పద్ధతిలో ఇది తక్కువ, రంగును బట్టి ఫోటో మొత్తం వెతికే పద్ధతిలో చాలా ఎక్కువ. తిరగేశాక అక్కడ ఒక్క పిక్సెల్ రంధ్రం ఉంటుంది. చూస్తే కనిపించదు కూడా. 3 పిక్సెళ్లు కుదిస్తే ఆ రంధ్రం అన్ని వైపులా 3 పెరిగి, దాదాపు 7 పిక్సెళ్ల వెడల్పు మచ్చ అవుతుంది. అందులోంచి కొత్త బ్యాక్‌గ్రౌండ్ ఎర్రగా తొంగిచూస్తుంది. కంటిలో ఎర్ర చుక్క పడిన ఫోటో ప్రింటుకు పోయాక చూసుకుంటే టెన్షనే. కాబట్టి కుదించక ముందే క్విక్ మాస్క్ ఆన్ చేసి (జింప్‌లో `Shift+Q`, ఫోటోషాప్‌లో `Q`) మనిషి లోపల చుక్కలేమైనా ఉన్నాయేమో చూసి పూడ్చేయాలి. జింప్‌లో `Select > Remove Holes` ఉంది కానీ దాన్ని కళ్లు మూసుకుని వాడకూడదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ మనిషి ఫోటోలో చేతికీ ఒంటికీ మధ్య ఉన్న సందును కూడా అది రంధ్రమే అనుకుని పూడ్చేస్తుంది, అందులోని గోడ మొత్తం తిరిగొస్తుంది.

ఫోటో అంచును తాకే చోట కూడా కొంచెం జాగ్రత్త కావాలి. పాస్‌పోర్ట్ తరహా ఫోటోలో ఛాతీ కింద ఫోటో అంచుతో తెగిపోతుంది. అక్కడ గోడ లేదు, కలగలుపు పట్టీ లేదు, కాబట్టి కుదించాల్సిన పనీ లేదు. అయినా కింద 3 పిక్సెళ్లు తెగితే, పోస్టర్ కింది అంచుకు ఆనించిన ఫోటో కింద సన్నటి సందు కనిపిస్తుంది. రెండు సాఫ్ట్‌వేర్లలోనూ కుదింపు డబ్బాలోనే దీనికి ఒక టిక్ ఉంది. ఫోటోషాప్‌లో అది `Apply effect at canvas bounds`, దాన్ని ఖాళీగా వదిలేస్తే ఫోటో అంచు వైపు కుదించదు. జింప్ 2.10లో ఉన్న టిక్, సెలెక్షన్ ఫోటో బయట కూడా కొనసాగుతున్నట్టు లెక్కపెట్టమని చెప్పేది. అది పెడితే కింది అంచు కదలదు.

3 పిక్సెళ్లు కుదించాక అంచు శుభ్రంగా ఉంటుంది కానీ కొంచెం కోసినట్టు ఉంటుంది. మిగతా ఫోటోలో అన్నీ మెత్తగా ఉండి మనిషి అంచు ఒక్కటే కత్తితో తెగినట్టు ఉంటే అతికించినట్టు తెలిసిపోతుంది. అందుకని ఒక పిక్సెల్ ఫెదర్ ఇస్తారు. ఇక్కడ ముందూ వెనకా ముఖ్యం: ముందు కుదింపు, తర్వాత ఫెదర్. ఫెదర్ అంచును లోపలికీ బయటికీ రెండు వైపులా పరుస్తుంది కాబట్టి, తీసేసిన కలగలుపు పిక్సెళ్లలో లోపలిది కొంచెం మళ్లీ బయటపడుతుంది. మన వరుసలో అయితే 85 పలచగా తిరిగొస్తుంది. ఒక పిక్సెల్ ఫెదర్‌కు ఇది పెద్ద విషయం కాదు. ఫెదర్ 3, 4 పెట్టేవాళ్లు మాత్రం కుదింపును కూడా ఒకటి రెండు పెంచుకోవాలి, లేకపోతే తుడిచిన తెల్లదనం మంచులా తిరిగొచ్చి కూర్చుంటుంది.

కలగలుపు పట్టీ ఎంత వెడల్పు ఉంటుందనేది ఫోటో ఏ దారిలో వచ్చిందన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. ఫ్లెక్స్ షాపుకు వచ్చే ఫోటోల్లో చాలావరకు వాట్సాప్‌లో మామూలుగా పంపినవే. అలా పంపితే ఫోటో చిన్నదవుతుంది, పైగా వాట్సాప్ దాన్ని మరోసారి జేపెగ్‌గా కంప్రెస్ చేస్తుంది. జేపెగ్ కంప్రెస్ చేసేటప్పుడు వెలుగును ప్రతి పిక్సెల్‌కూ దాచుకున్నా, రంగును మాత్రం చాలాసార్లు నాలుగేసి పిక్సెళ్లకు కలిపి ఒకటే దాచుకుంటుంది. అందువల్ల ఆకుపచ్చ తెర ముందు తీసిన ఫోటోలో వెలుగు అంచు రెండు పిక్సెళ్లలో తెగినా, ఆకుపచ్చ రంగు ఇంకొంచెం లోపలికి పాకి ఉంటుంది. తెల్ల గోడకు 2 సరిపోయే నాణ్యతలో ఆకుపచ్చకు 3, 4 కావాల్సి రావడానికి ఇదొక కారణం. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపించమని కస్టమర్‌ను అడిగితే ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టు వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో గంట కుస్తీ పట్టేకన్నా ఆ ఒక్క మాట అడగడం నయం.

ఫ్లెక్స్ విషయంలో ఈ అంకెలు ఎంత పెద్దవి అవుతాయో ఒకసారి చూద్దాం. వాట్సాప్ ఫోటోలో తల 300 పిక్సెళ్ల ఎత్తు ఉంది. ఫ్లెక్స్ ఫైలు అంగుళానికి 72 పిక్సెళ్ల లెక్కన చేస్తున్నారు, తల రెండు అడుగులు రావాలి. రెండు అడుగులంటే 24 అంగుళాలు, అంటే 1728 పిక్సెళ్లు. ఫోటో సుమారు 5.8 రెట్లు పెరుగుతుంది. 3 పిక్సెళ్ల తెల్ల పట్టీ 17 పిక్సెళ్లు అవుతుంది, ప్రింటు మీద దాదాపు 6 మిల్లీమీటర్లు. ల్యాప్‌టాప్ మీద ఫోటోను అసలు సైజులో చూసినప్పుడు కనపడని గీత, రోడ్డు మీద పెన్సిలంత మందంగా కనిపిస్తుంది. అందుకే కుదింపు ఎప్పుడూ అసలు సైజులోనే, పెంచక ముందే చేయాలి. ముందే పెంచేస్తే పట్టీ 17 పిక్సెళ్లకు సాగిపోతుంది, దానికి తగ్గట్టు 17 కుదించాలి. ఆలోగా పెంచడం వల్ల వచ్చిన మసక కూడా దానికి తోడవుతుంది. చిన్నది చేసేటప్పుడు మాత్రం లెక్క మనకు కలిసొస్తుంది: 4000 పిక్సెళ్ల ఫోటోను 1000కి తగ్గిస్తే 4 పిక్సెళ్ల పట్టీ ఒక్క పిక్సెల్ అవుతుంది. అక్కడ కూడా ముందు పెద్ద సైజులో కట్ చేసి, ఆ తర్వాతే తగ్గించడం మంచిది.

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా భుజం, చొక్కా, చెంప లాంటి గట్టి అంచులకు. జుట్టు దగ్గరికి వచ్చేసరికి కుదింపు పనికిరాదు. జుట్టు కొసల్లో ఒక్కో వెంట్రుక పిక్సెల్ కంటే సన్నగా ఉంటుంది, అంటే అక్కడ పూర్తిగా జుట్టు అయిన పిక్సెల్ ఒక్కటీ ఉండదు. కలగలుపు పట్టీ ఇరవై ముప్పై పిక్సెళ్ల దాకా పోతుంది. దాన్ని కుదిస్తే జుట్టు మొత్తం తెగి, నెత్తి మీద టోపీ పెట్టినట్టు ఉంటుంది. పల్చటి పైట, వేగంగా ఊపిన చెయ్యి, ఇవీ అంతే. ఇక్కడ పిక్సెల్‌ను తీసేయకుండా దాని రంగును మార్చాలి. ఫోటోషాప్‌లో `Layer > Matting > Defringe` అంచు పిక్సెళ్ల రంగు తీసి లోపలి రంగు పూస్తుంది. తెల్ల గోడకైతే అక్కడే `Remove White Matte` ఉంది. `Select and Mask` లో `Decontaminate Colors` ఇదే పనిని జుట్టుకు తగ్గట్టు చేస్తుంది. జింప్‌లో జుట్టు అంచును మాత్రం సెలెక్ట్ చేసి `Colors > Color to Alpha` ఇస్తే, ప్రతి పిక్సెల్‌లోంచి తెల్లదనాన్ని లెక్కగట్టి పారదర్శకత కిందికి మార్చేస్తుంది. తెల్ల గోడ, నల్ల జుట్టు ఉన్నప్పుడు ఇది చాలా బాగా వస్తుంది. నెరిసిన జుట్టు మీద మాత్రం వాడకూడదు, జుట్టే పోతుంది.

కాబట్టి మొత్తం బొమ్మకు ఒకే అంకె పెట్టడం అనే అలవాటే అసలు తప్పు. మాస్క్‌లో మెడ నుంచి కింది భాగానికి 3 కుదించి, జుట్టును కుదించకుండా వదిలి రంగు సరిచేసుకోవాలి. చెవులు, వేళ్లు లాంటి సన్నటి చోట్ల 1 లేదా 2 చాలు. లాసోతో ఒక భాగాన్ని చుట్టి, ఫోటోషాప్‌లో మాస్క్ మీద `Filter > Other > Minimum` ఇస్తే ఆ భాగం వరకే కుదుస్తుంది.

కుదించాక కూడా రంగు కనిపిస్తే, అది కలగలుపు పట్టీయా, లేక గోడ నుంచి మనిషి మీద పడిన వెలుగా అన్నది తేల్చుకోవాలి. ఆకుపచ్చ గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషి చెంప మీద ఆ గోడ ఛాయ పడుతుంది, అది చర్మం మీద నిజంగా ఉన్న వెలుగు. ఇంకో 2 పిక్సెళ్లు కుదించి చూస్తే తెలిసిపోతుంది: గీత సన్నబడితే పట్టీ, ఉన్నది ఉన్నట్టు లోపలికి జరిగినట్టు అనిపిస్తే వెలుగు. వెలుగు అయితే కుదింపు ఆపేసి, ఆ చోట ఆకుపచ్చ గాఢతను తగ్గించాలి. లేకపోతే ఛాయ వెంట పడి చెంప సగం కోసుకుపోతాం. ఈ పరీక్ష చేసేటప్పుడు కింద తాత్కాలికంగా ఒక రంగు లేయర్ పెట్టుకోవాలి. తెల్ల గోడ ముందు తీసిన ఫోటోకు నల్లది, ముదురు తెర ముందు తీసినదానికి తెల్లది. గళ్ల గళ్ల పారదర్శకత మీద చూస్తే రెండూ దాక్కుంటాయి.

బడి గ్రూపు ఫోటోలు, కేటలాగ్ వస్తువుల వంటివి ఒకే గోడ ముందు, ఒకే కెమెరాతో, ఒకే దూరం నుంచి తీసి ఉంటే, ఒక్క ఫోటోలో లెక్కపెట్టిన అంకెను మిగతావాటికీ వాడుకోవచ్చు. ఇప్పటికే కట్ చేసి ఉన్న పీఎన్‌జీ ఫైళ్లకు ఇమేజ్‌మ్యాజిక్‌లో ఒక్క వరుస చాలు:

```
magick cut.png -channel A -morphology Erode Disk:3 +channel out.png
```

ఇది పారదర్శకత ఛానెల్‌ను మాత్రమే 3 పిక్సెళ్లు కుదుస్తుంది, రంగుల జోలికి పోదు. గిన్నెలు, చెప్పులు, పుస్తకాలు లాంటి గట్టి అంచు వస్తువులకు ఇది చక్కగా పనిచేస్తుంది. జుట్టు, కుచ్చులు, అల్లికలు ఉన్న ఫైళ్లను మాత్రం ముందే వేరు చేసి, వాటిని చేత్తోనే చేసుకోవాలి.